ఏ1సీ 6.1, మీటర్‌లో 290: పొట్ట డయాలసిస్‌లో అసలు షుగర్ ఎంత?

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగర్. ఏడాదిగా ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేస్తున్నాం, మాది కావలి. మొన్న ఏ1సీ 6.1 వచ్చింది, కానీ ఇంటి మీటర్‌లో రోజూ 280, 300 చూపిస్తోంది. నెల కిందట రాత్రి సంచి మార్చి ఎక్స్‌ట్రానీల్ అనేది ఇచ్చారు, అప్పటి నుంచే ఇలా. ఇన్సులిన్ పెంచాలా, తగ్గించాలా? ఈ రెంటిలో ఏది నమ్మాలి సార్?

జవాబు:

రెండూ నమ్మకండి. రెండిటికీ మధ్యలో ఏదో ఒక అంకె ఉంటుందిలే అని సర్దుకోవడం ఇంకా తప్పు. ఈ రోజే మీ కిడ్నీ డాక్టర్‌కు ఫోన్ చేసి, రాత్రి సంచి మారాక మీటర్ రీడింగులు పెరిగాయని చెప్పండి. చేతి నరం నుంచి రక్తం తీయించి ల్యాబ్‌లో గ్లూకోజ్ చూపించండి. ఆ అంకె చేతికొచ్చేదాకా మీటర్‌ను చూసి ఇన్సులిన్ ఒక్క యూనిట్ కూడా పెంచొద్దు. ఎందుకో రాస్తాను, కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

నేను డాక్టర్‌ని కాను. నెల్లూరులో ఆసుపత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ పని చూడబట్టి ఇరవై రెండేళ్లు. డోసు ఎంతన్నది మీ డాక్టరే చెప్పాలి. ఏ అంకె ఎక్కడ అబద్ధం చెబుతుందో మాత్రం నాకు తెలుసు, ఎందుకంటే ఆ అబద్ధాలు తెల్లారుజామున నా బల్ల మీదికే వస్తుంటాయి.

ముందు మీటర్ సంగతి, ప్రాణం మీదికి తెచ్చేది అదే కాబట్టి.

కొన్నేళ్ల కిందట పొదలకూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆయనకూ మీ నాన్నగారి లాగే ఇంట్లోనే డయాలసిస్, పొట్టలోకి నింపి కొన్ని గంటలయ్యాక బయటికి తీసే నీళ్ల సంచులు రోజుకు నాలుగు. అంతకుముందు రాత్రి సంచి 4.25 శాతం డెక్స్‌ట్రోజ్‌ది, రాత్రి ఇన్సులిన్ 12 యూనిట్లు, పొద్దున పరగడుపున మీటర్‌లో 170, 180 ఉండేది. కాళ్ల వాపు తగ్గట్లేదని రాత్రి సంచిని ఐకోడెక్స్‌ట్రిన్‌కు మార్చారు (ఎక్స్‌ట్రానీల్ అంటే అదే, అది అమ్మే పేరు). పది రోజులు తిరిగేసరికి పరగడుపున 260, 270. ఇంట్లో వాళ్లు ఊళ్లో చూపించుకునే చోట ఆ రీడింగులు చూపిస్తే ఇన్సులిన్ 16 చేశారు, తర్వాత 20 చేశారు. సంచి మారిన సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. చెప్పాలని వీళ్లకు మాత్రం ఎట్టా తెలుస్తుంది?

మూడో వారంలో ఒక రోజు తెల్లారుజామున నాలుగింటికి ఆయన పలకలేదు. ఒళ్లంతా చెమట, దిండు తడిసిపోయింది, ఏదో గొణుగుతున్నారు. భార్య వేలు గుచ్చి చూస్తే మీటర్‌లో 158. ఆమె చక్కెర పెట్టలేదు. తర్వాత నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "మిషన్‌లో నూట యాభై ఎనిమిది ఉంటే చక్కెర ఎట్టా పెట్టేదయ్యా, ఇంకా ఎక్కువైపోదూ?" ఆమె తప్పేం లేదు. ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు, ఎమర్జెన్సీలో వాళ్ల మీటర్‌తో చూస్తే 161. రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి కాబట్టి షుగర్ బాగానే ఉంది, పక్షవాతమేమో అని తలకు స్కానింగ్ రాశారు. అదృష్టం ఏంటంటే స్కానింగ్‌కు పోయే ముందే రక్తం తీసి ల్యాబ్‌కు పంపారు. నేను పెట్టిన గ్లూకోజ్ 46 వచ్చింది. శాంపిల్ తారుమారైందేమో అని మళ్లీ పెట్టాను, 45. ఫోన్ చేసి చెప్పగానే నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు, పది నిమిషాల్లో ఆయన లేచి కూర్చుని "నేనేడున్నా?" అన్నారు.

రెండు మీటర్లు ఒకటే చెప్పాయంటే రెండు సాక్ష్యాలని కాదు. రెండిట్లో ఉన్నది ఒకే రకం స్ట్రిప్.

ఇప్పుడు సంచి లోపల ఏముందో చూద్దాం. మామూలు సంచుల్లో నీళ్లను లాగేది డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే. రెండు లీటర్ల 4.25 శాతం సంచిలో 85 గ్రాములు ఉంటుంది, రాత్రంతా పొట్టలో ఉంటే అందులో సగం కంటే ఎక్కువే రక్తంలోకి చేరుతుంది. ఐకోడెక్స్‌ట్రిన్ సంచి 7.5 శాతం, రెండు లీటర్లకు 150 గ్రాములు. కానీ ఇది విడి గ్లూకోజ్ కాదు, గ్లూకోజ్ అణువులు పొడుగ్గా అల్లుకుపోయిన పిండి లాంటి పదార్థం. అణువు పెద్దది కాబట్టి పొట్టలోంచి త్వరగా జారిపోదు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నిలబడి నీళ్లను లాగుతూ ఉంటుంది. రాత్రికి దీన్ని ఇచ్చేది అందుకే, మందు మంచిదే. అయినా పన్నెండు గంటల్లో దాదాపు 40 శాతం, అంటే 60 గ్రాముల దాకా, మెల్లగా రక్తంలోకి ఎక్కుతుంది. రక్తంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని చిన్న ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కల్లో ముఖ్యమైనది మాల్టోజ్, అంటే రెండు గ్లూకోజ్‌లు చేతులు పట్టుకుని ఉన్నట్టు. ఆ చేతులు విడదీసే ఎంజైమ్ మన పేగు గోడల్లో ఉంటుంది, కణాల్లోపల ఉంటుంది, రక్తంలో మాత్రం పెద్దగా ఉండదు. కిడ్నీ బాగుంటే ఆ మాల్టోజ్ మూత్రంలో పోయేది. మీ నాన్నగారికి ఆ దారీ మూసుకుపోయింది కదా. అందుకే అది రక్తంలో పేరుకుని, రోజూ సంచి పడుతుంటే అలాగే నిలిచి ఉంటుంది.

మాల్టోజ్ వల్ల ఒంటికి పెద్ద నష్టం లేదు. చిక్కంతా స్ట్రిప్ దగ్గరే. స్ట్రిప్ కొసన ఒక ఎంజైమ్ పూత ఉంటుంది, అది చక్కెరను పట్టుకుని కరెంటు పుట్టిస్తుంది, మీటర్ ఆ కరెంటును అంకెగా చూపిస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ పూత ఉంటే అది గ్లూకోజ్‌నే పడుతుంది, మాల్టోజ్‌ను ముట్టదు. జీడీహెచ్-పీక్యూక్యూ అనే పూత ఉంటే అది గ్లూకోజ్‌తో పాటు మాల్టోజ్‌నూ పట్టుకుని రెండూ కలిపి లెక్కేస్తుంది. మాస్టారి రక్తంలో గ్లూకోజ్ 46, మీటర్ మిగతా నూట పన్నెండు తెచ్చింది ఇక్కడి నుంచే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రాత్రి 4.25 సంచి తీసేసి ఐకోడెక్స్‌ట్రిన్ పెడితే రాత్రిపూట రక్తంలోకి పోయే విడి గ్లూకోజ్ ఆగిపోతుంది, అంటే అసలు షుగర్ *తగ్గుతుంది*, ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. సరిగ్గా అదే వారంలో మీటర్ పెరుగుతుంది. అసలుది కిందికి, చూపించేది పైకి. దానికి తోడు ఒంట్లోకి ఎక్కించిన ఇన్సులిన్‌ను విరిచి బయటికి పంపడంలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది, కిడ్నీ పోయినవాళ్లలో అదే డోసు ఎక్కువసేపు పనిచేస్తుంది. ఈ మూడూ ఒకచోట పడ్డాయంటే 20 యూనిట్లు ఏం చేస్తాయో ఆ తెల్లారుజామున చూశాం.

ఇది మన ఊరి వింత కాదు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2009లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. 1997 నుంచి అప్పటిదాకా ఈ రకం స్ట్రిప్పులతో ముడిపడిన 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని, అందులో పది ఐకోడెక్స్‌ట్రిన్ వాడుతున్నవాళ్లవని అందులో ఉంది. ఆ తర్వాత చాలా కంపెనీలు పూత మార్చాయి. అయితే కొన్నిసార్లు మీటర్ పేరు అదే ఉంచి స్ట్రిప్ మార్చారు కాబట్టి మీటర్ పేరు చెప్పి ఇది మంచిదా అని అడిగితే నేను జవాబు చెప్పను. స్ట్రిప్ డబ్బాలో మడిచి పెట్టిన కాగితం ఉంటుంది చూడండి, చీమల బారులాంటి అక్షరాలతో, అందరూ పారేసేది. దాంట్లో పరిమితులు అన్న భాగంలో మాల్టోజ్, ఐకోడెక్స్‌ట్రిన్, పొట్ట డయాలసిస్ అన్న మాటలు వెతకండి. పీక్యూక్యూ అని ఉన్నా, పొట్ట డయాలసిస్ వాళ్లు వాడకూడదు అని ఉన్నా అది మీకు పనికిరాదు. జీడీహెచ్-ఎఫ్‌ఏడీ అని ఉంటే చాలావరకు పర్వాలేదు గానీ అందులోనూ కొన్నిటికి ఇబ్బంది ఉంది, మాల్టోజ్ అడ్డు రాదని కాగితంలో స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. డబ్బా అయిపోయి కొత్తది కొన్న ప్రతిసారీ చూడాలి.

మీ మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకునే పద్ధతి చెబుతాను. ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు మీ మీటర్ చేతిలో పెట్టుకుని పోండి. పరగడుపున వెళ్లడం మేలు. నరం నుంచి రక్తం తీస్తున్నప్పుడే, రెండు నిమిషాల తేడా లేకుండా, వేలు గుచ్చి మీటర్‌లో చూసి అంకె రాసుకోండి. రక్తం బూడిదరంగు మూత ట్యూబ్‌లో పోయమని అడగండి, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. మామూలు ట్యూబ్‌లో పోసి గంటల తరబడి పక్కన పెడితే రక్తకణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి, అప్పుడు ల్యాబ్ అంకె తగ్గి మీటర్ మీద లేనిపోని నింద పడుతుంది. ఇక్కడి ల్యాబుల్లో గ్లూకోజ్‌కు వాడేది ఎక్కువగా గ్లూకోజ్ ఆక్సిడేజ్ పద్ధతి, కొన్నిచోట్ల హెక్సోకైనేజ్, రెండిటికీ మాల్టోజ్‌తో పేచీ లేదు. మంచి మీటరైనా ల్యాబ్‌తో 15 శాతం దాకా తేడా చూపించొచ్చు, ల్యాబ్‌లో 180 ఉంటే మీటర్‌లో 205 వచ్చినా పట్టించుకోను. 180 చోట 290 వస్తే అది తేడా కాదు, మాల్టోజ్.

ఆ తేడా ఎంతో తెలిసింది కదా, రోజూ మీటర్‌లోంచి 110 తీసేసుకుంటే సరిపోదా అని మాస్టారి అబ్బాయి అడిగాడు. తెలివైన ప్రశ్నే గానీ కుదరదు. రక్తంలో మాల్టోజ్ రోజంతా ఒకేలా ఉండదు, సంచి ఎన్ని గంటలు ఉంచారు, మిగిలిన మూత్రం ఎంత వస్తోంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ రోజు 110, ఎల్లుండి 70 అయితే ఏం చేస్తారు? స్ట్రిప్ మార్చడమే దారి. ఇంకోటి, ఐకోడెక్స్‌ట్రిన్ ఆపేసినా రెండు వారాల దాకా ఈ తప్పుడు రీడింగ్ రావచ్చు, సంచి ఆపిన మర్నాటి నుంచే పాత మీటర్ మళ్లీ వాడొద్దు.

ఈలోపు మీ నాన్నగారికి చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా మీటర్ ఎంత చూపిస్తోందని చూస్తూ కూర్చోవద్దు. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి కొంచెం నీళ్లలో కలిపి తాగించండి, తేరుకున్నా ఆసుపత్రికి తీసుకుపోండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి, ఐకోడెక్స్‌ట్రిన్ వాడుతున్నారు, ల్యాబ్ గ్లూకోజ్ చూడండి అని గట్టిగా చెప్పండి. ఆ ఒక్క వాక్యం రాసిన చీటీ ఆయన చొక్కా జేబులో, ఫైలు అట్ట మీద ఉండాలి.

ఇక ఏ1సీ. ఇది ప్రాణం మీదికి తేదు గానీ మెల్లగా దారి తప్పిస్తుంది, అదీ రెండో వైపుకు.

ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. ముక్క ఎన్నాళ్లు ఊరితే అంత ఉప్పు పడుతుంది. జాడీలో ఉప్పు ఎంతుందో తెలుసుకోవాలని ఒక ముక్క నోట్లో వేసుకుంటాం. ఎవరో పాత ముక్కలు తీసేసి నిన్ననే కొత్త ముక్కలు కలిపి ఉంటే? ఉప్పు అంతే ఉంటుంది, ముక్క మాత్రం చప్పగా తగులుతుంది. ఏ1సీ చేసేది అదే. ఎర్రకణం రక్తంలో తిరిగినన్నాళ్లూ దాని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అంటుకుంటూ పోతుంది, అంటుకున్నది ఎంత శాతమో మేం కొలుస్తాం. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద ఆ పట్టికలన్నీ తయారయ్యాయి. కిడ్నీ పోయినవాళ్లలో కణం అన్నాళ్లు బతకదు, చాలామందిలో 60 నుంచి 90 రోజులే. దానికి తోడు రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇస్తారు, ఐరన్ ఎక్కిస్తారు. ఎముక మజ్జ గబగబా కొత్త కణాలు వదులుతుంది. ఊరని ముక్కలు.

మాస్టారి ఫైలు తర్వాత తెప్పించి చూశాను. ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందు హిమోగ్లోబిన్ 7.6, ఏ1సీ 7.9. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 10.4, ఏ1సీ 6.7. ఏ1సీ నుంచి సగటు షుగర్ లెక్కగట్టడానికి ఒక సూత్రం ఉంది: ఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేయాలి. దాని ప్రకారం 7.9కు సగటు 180, 6.7కు 146. కానీ ఆ మూడు నెలలూ ప్రతి నెలా ల్యాబ్‌లో చూసిన గ్లూకోజ్ 160, 190 మధ్యనే ఆడింది. షుగర్ తగ్గలేదు, రక్తం కొత్తదైంది. ఇంట్లో మాత్రం ఏ1సీ తగ్గిందని సంతోషపడి పిలకాయలకు స్వీట్లు పంచారట.

మీ 6.1ని అదే సూత్రంలో పెడితే 128 వస్తుంది. మీ నాన్నగారి సగటు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, ఎంత ఎక్కువన్నది ఏ1సీ చెప్పలేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ అంకెను అసలు పక్కన పెట్టేయండి, ఎవరో దాత షుగర్ కూడా అందులో కలిసి ఉంటుంది. తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. ఐరన్ లోపం ఉంటే కణాలు ఎక్కువ రోజులు తిరుగుతాయి, ఏ1సీ పెరుగుతుంది. యూరియా ఎక్కువ ఉన్నప్పుడు దాని నుంచి పుట్టే పదార్థం హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది, పాత మిషన్లు దాన్ని కూడా ఏ1సీ అనుకుని ఎక్కువ చూపించేవి, ఇప్పటి పద్ధతుల్లో ఈ బెడద చాలావరకు పోయింది. డయాలసిస్‌లో ఉండి ఇంజెక్షన్లు వేయించుకుంటున్న మనిషిలో మాత్రం ఏ1సీ ఎక్కువసార్లు ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది. కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే కేడీఐజీఓ కూడా 2022లో ఇదే రాసింది, జబ్బు ముదిరినకొద్దీ, ముఖ్యంగా డయాలసిస్‌లో, ఏ1సీని నమ్మే వీలు తగ్గుతుందని.

ఏ1సీ బదులు, రక్తంలోని ప్రొటీన్లకు అంటుకున్న గ్లూకోజ్‌ను కొలిచే ఫ్రక్టోసమైన్ గానీ గ్లైకేటెడ్ ఆల్బుమిన్ గానీ చేయిస్తే సరిపోతుందని కొందరు రాస్తుంటారు. మిషన్ డయాలసిస్ వాళ్లకు అది కొంత ఉపయోగం. పొట్ట డయాలసిస్‌లో రోజూ బయటికి పారబోసే నీళ్లలో 5 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ పోతుంది, అందులో ఎక్కువ భాగం ఆల్బుమినే. ఊరే టైమ్ లేకుండానే అది కూడా పోతోంది, కాబట్టి ఆ అంకె కూడా తక్కువ వైపే జారుతుంది. ఆ టెస్టుకు డబ్బులు పెట్టేకంటే సరైన స్ట్రిప్పులు కొనుక్కోవడం మేలు అనేది నా అభిప్రాయం.

ఇది చదివి పక్కన హీమోడయాలసిస్ చేయించుకునేవాళ్లు కంగారు పడొద్దు. చేతి ఫిస్టులా నుంచి మిషన్‌లో చేసే డయాలసిస్‌కు ఐకోడెక్స్‌ట్రిన్ వాడరు, వాళ్లకు ఈ మీటర్ గొడవ లేదు, ఏ1సీ గొడవ మాత్రం ఉంది. పొట్ట డయాలసిస్‌లోనే ఉన్నా మామూలు డెక్స్‌ట్రోజ్ సంచులు మాత్రమే వాడేవాళ్లకు మీటర్‌లో షుగర్ ఎక్కువొస్తే అది నిజంగా ఎక్కువే.

ల్యాబ్ అంకె వచ్చాక డాక్టర్ దగ్గరికి మూడు కాగితాలు తీసుకుపోండి: మీటర్, ల్యాబ్ అంకెలు పక్కపక్కన రాసింది ఒకటి, సంచి ఏ తేదీన మారింది, ఆ తర్వాత ఇన్సులిన్ ఎప్పుడెప్పుడు ఎంత మారింది అన్నది ఇంకొకటి, ఎరిత్రోపోయిటిన్, ఐరన్, రక్తం ఎప్పుడు ఇచ్చారో మూడోది. ఇవి ఎదురుగా ఉంటే డోసు తేల్చడానికి ఆయనకు ఐదు నిమిషాలు పడుతుంది. మాస్టారికి ఇలాగే చూసి రాత్రి ఇన్సులిన్ 20 నుంచి 8కి దించారు, ఆ 8 మీద ల్యాబ్‌లో పరగడుపు గ్లూకోజ్ 140 దగ్గర నిలబడింది. సంచి మార్చలేదు, వాపు తగ్గుతోంది కాబట్టి అదే కొనసాగించారు. స్ట్రిప్పులు మార్చారు. ఆ పాత మీటర్‌ను ఆయన భార్య పారేస్తానంటే నేనే వద్దన్నాను, వాళ్ల తమ్ముడికి కిడ్నీలు బాగానే ఉన్నాయి కాబట్టి అతను దాన్ని తీసుకుపోయాడు, ఆయన దగ్గర అది ల్యాబ్‌తో ఐదు, పది తేడాలో సరిగ్గానే చూపిస్తోంది.